ప్రాచీనాంధ్ర కవుల యుగవిభజనము: ఒక సమీక్ష

ఆంధ్రసాహిత్య చరిత్రలోని ప్రాచీనకవుల భాగమును విశ్వవిద్యాలయ పరీక్షకు సంగ్రహింపబూనిన విద్యార్థికి మొదట నెదురగు చిక్కు కవుల సంఖ్యయు కాదు, కావ్యముల విస్తృతియు కాదు. ఒకే కవి ఒక గ్రంథమున నొక యుగమునకును, వేఱొక గ్రంథమున వేఱొక యుగమునకును చెందినట్లు కనుపించుటయే ఆ చిక్కు. తిక్కన యొకచోట కాకతీయయుగ కవి, మఱియొకచోట తన పేరిటి యుగమునకు తానే నాయకుడు, ఇంకొకచోట పురాణయుగమున నన్నయ ప్రక్కన నిలుచువాడు. ఈ మూడు మాటలును తప్పులు కావు. అయినను మూడింటిని కలగాపులగముగా నొకే పట్టికలో నెక్కించినప్పుడు ఆ పట్టికకు అర్థము నశించును. కావున యుగములను, లక్షణములను, ప్రాతినిధ్యము వహించు ఇతివృత్తములను విడమరచి చెప్పుటకు ముందు ఆ విభజన లేయే కొలతలతో జరిగినవో, ఎక్కడ నవి పొసగినవో, ఎక్కడ పొసగలేదో విచారించుట యవసరము.

విభజనకు మూలమైన కొలతలు

కందుకూరి వీరేశలింగము పంతులు ఆంధ్రకవుల చరిత్రమును రచించునాటికి కవుల కాలములే సరిగా తేలియుండలేదు. ఏ కవి యెవనికి ముందో, ఏ కృతి యెవరి కంకితమో శాసనములనుండియు, కృత్యాదులనుండియు ఏఱి తెచ్చుట యానాటి పని. అందుచేత ఆయన పూర్వులు, మధ్యకాలమువారు, ఆధునికులు అను స్థూలవిభాగముతో తృప్తిపడెను. అది కాలమును మాత్రమే చెప్పును గాని కవిత్వస్వభావమును చెప్పదు. చాగంటి శేషయ్యగారి ఆంధ్రకవి తరంగిణి సైతము కవులను వరుసగా పరామర్శించిన మహాప్రయత్నమే కాని, యుగస్వరూపనిర్ణయము దాని ప్రధానోద్దేశము కాదు.

తరువాత వచ్చిన చరిత్రకారులలో రాజవంశముల పేర యుగములను నిర్ణయించినవారు పెక్కురు. చాళుక్యయుగము, కాకతీయయుగము, రెడ్డిరాజుల యుగము, రాయలయుగము, నాయకరాజుల యుగము అను నామములు ఈ మార్గమున వెలసినవే. ఆరుద్రగారి సమగ్రాంధ్ర సాహిత్యముయొక్క సంపుటములు కూడ పాలకుల కాలములను బట్టియే నడచినవి. ఈ పద్ధతికి బలమైన యుపపత్తి లేకపోలేదు. ప్రాచీనకావ్యము బహుశః ఆస్థానమున పుట్టినది. కృతిభర్త యెవడో తెలిసినచో కాలము తెలియును. ఆ కృతిభర్త యభిరుచి తెలిసినచో కవి యీ కథనే యేల యెన్నుకొనెనో కొంతవఱకు తెలియును.

రెండవ మార్గము యుగకర్తయైన కవి పేర విభజించుట: నన్నయయుగము, తిక్కనయుగము, ఎఱ్ఱనయుగము, శ్రీనాథయుగము. మూడవది రచనాప్రక్రియను బట్టి విభజించుట: పురాణయుగము, కావ్యయుగము, ప్రబంధయుగము. తరగతిగదులలో నేడు చెల్లుచున్న పట్టికను పరీక్షించినచో ఈ మూడు కొలతలును అందు కలిసిపోయినట్లు స్పష్టమగును. నన్నయయుగము కవి పేరిటిది. శివకవియుగము మతము పేరిటిది. రాయలయుగము రాజు పేరిటిది. దక్షిణాంధ్రయుగము దేశము పేరిటిది. ఇట్టి మిశ్రమము బోధనకు సులభముగా నుండుటచే నిలిచినది. అయితే వ్రాయువా డొక్కొక్క పేరు ఏ కొలతకు చెందినదో యెఱుగకున్నచో, ఆ పేరు చెప్పని విషయములను కూడ దానికి అంటగట్టును.

నన్నయ, శివకవులు, తిక్కన

రాజరాజనరేంద్రుని యాస్థానమున, రాజమహేంద్రవరమున, 11వ శతాబ్దిలో నన్నయ భారతాంధ్రీకరణమున కుపక్రమించెను. ఆది సభాపర్వములును, అరణ్యపర్వమున నాలవ యాశ్వాసమున కొంత భాగమును ఆయన కృతి. అంతకుముందే పండరంగని యద్దంకి శాసనమున తరువోజయు, యుద్ధమల్లుని బెజవాడ శాసనమున మధ్యాక్కరయు నుండుటచే తెలుగుపద్యము నన్నయతో పుట్టినది కాదని నిశ్చయముగా చెప్పవచ్చును. సంస్కృతపురాణేతిహాసమును తెలుగున చంపూరూపమున కథాగతికి భంగము కలుగకుండ నడపుటకు తగిన శైలి నాయన స్థిరపఱచెను; ఆదికవి యను బిరుదున కర్థ మింతమాత్రమే. ప్రసన్నకథాకలితార్థయుక్తి, అక్షరరమ్యత, సూక్తినిధిత్వము అను మూడు లక్షణములను తఱుచు జాబితాగా వల్లించుట గలదు. ఈ లక్షణములకు కథయే యాధారమని, మూలమును సంగ్రహించుచునే కథ నెచ్చట నాపవలెనో యెచ్చట సాగింపవలెనో యెఱిగిన ప్రతిభయే వాని వెనుక నున్నదని శకుంతలోపాఖ్యానమును గాని, ఉదంకోపాఖ్యానమును గాని మూలముతో పోల్చి చదివినవారికి విశదమగును.

శివకవుల విషయమున వివాదము తీక్ష్ణమైనది. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో నన్నెచోడుని కుమారసంభవమును ప్రకటించి, ఆ కవి నన్నయకు పూర్వుడని ప్రతిపాదించిరి. ఆ వాదము నిలిచినచో యుగముల వరుసయే తలక్రిందులగును. భాషాలక్షణములను, మతసందర్భమును పరిశీలించిన పెక్కురు పండితులు నన్నెచోడుని నన్నయకు తరువాతనే, 12వ శతాబ్ది ప్రాంతమున నిలిపిరి. ఆ గ్రంథమే కూటకృతి యన్నవారును లేకపోలేదు. కాలనిర్ణయ మెట్లున్నను కావ్యస్వరూపము మాత్రము మన కన్నుల యెదుట నున్నది. పండ్రెండాశ్వాసముల యా కృతి ఇతిహాసానువాదము కాదు. వర్ణనలతో నిండిన కావ్యము. ప్రబంధలక్షణములలో కొన్ని కృష్ణరాయలకు నాలుగువందల యేండ్లకు మునుపే తెలుగున నుండెనని దీనివలన తెలియును. ఈ సంగతిని ముందు మరల ప్రస్తావింపవలసియున్నది.

పాలకురికి సోమనాథుని కాలముకూడ వివాదగ్రస్తమే. ఓరుగంటి నేలిన ప్రతాపరుద్రు లిరువురు. అందు మొదటివాని కాలమువాడు సోమనాథుడని కొందరు, రెండవవాని కాలమువాడని కొందరు వాదించిరి. ఈ రెండింటికిని నూఱేండ్లకు మించిన యంతరము గలదు. రెండవ మతమే నిజమైనచో సోమనాథుడు తిక్కనకు తరువాతివాడగును, శివకవియుగము తిక్కనయుగమునకు ముందు ముగిసినదను పట్టిక చెల్లదు. అందుచేతనే శివకవిత్వమును కాలఖండముగా కంటె నొక మార్గముగా గ్రహించుట మేలు. ద్విపదను పురాణవాహకముగా స్వీకరించుట, భక్తుల జీవితములనే కథావస్తువులుగా చేయుట, వర్ణభేదమును నిరసించుట, జనులాడు తెలుగునకు పద్యమున గౌరవస్థాన మిచ్చుట ఆ మార్గముయొక్క లక్షణములు. బసవపురాణమున కథానాయకులు చక్రవర్తులు కారు, వివిధవృత్తులయందున్న భక్తులు. తెలంగాణమున సోమనాథునే ఆదికవిగా భావింపవలెనను వాదమునకు ఈ స్వతంత్రవస్తువును, దేశిచ్ఛందస్సును ప్రధానాధారములు. అనువాదమునకు ప్రాధాన్యమిచ్చువారికి నన్నయయు, స్వతంత్రరచనకు ప్రాధాన్యమిచ్చువారికి సోమనాథుడును ఆదికవులుగా కనుపింతురు. ఇరుపక్షములవారు ఆదికవిత్వమునకు వేర్వేఱు ప్రమాణములను స్వీకరించి వాదించుచున్నారు కావున, ఒకరి యుక్తి వేఱొకరిని తాకుట లేదు.

తిక్కన నెల్లూరి మనుమసిద్ధి యాస్థానమున నుండినవాడు. తెలుగుచోడుల రాజ్యమున నుండిన యీ కవిని కాకతీయయుగమునకు చేర్చుట గణపతిదేవుని సార్వభౌమత్వమును బట్టి సమర్థనీయమే యైనను, ఆయన కవిత్వమునుగూర్చి అది యేమియు చెప్పదు. వచనము లేకుండ నిర్వచనోత్తర రామాయణమును రచించి మనుమసిద్ధి కంకితమిచ్చిన కవియే, భారతమును విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు తెలిగించి హరిహరనాథున కంకితమిచ్చెను. నరాంకితమునుండి దేవాంకితమునకు జరిగిన యీ మార్పు, సంభాషణలచే కథను నడపు నాటకీయత, తెలుగుపలుకుబడి ఆయన విశేషములు. కీచకవధయందును, ఉద్యోగపర్వమున రాయబారములయందును పాత్రల మనోవృత్తి మాటలలోనే బయటపడును. కవి దానిని విడిగా వ్యాఖ్యానింపడు. పరీక్షలో తిక్కననుగూర్చి యొక్క ఘట్టమే చెప్పుట కవకాశమున్నచో వీనిలో నొకటి చాలును.

ఎఱ్ఱన, శ్రీనాథుడు: సంధికాలము

కవిత్రయమను పదము విద్యార్థికి మువ్వురును వరుసగా నొకరివెంట నొకరు భారతము పూర్తి చేసినట్లు భ్రమ కలిగించును. నిజమునకు తిక్కన అరణ్యపర్వశేషమును విడిచి విరాటమునుండి యారంభించెను. 14వ శతాబ్దిలో అద్దంకి ప్రోలయవేమారెడ్డి కాలమున ఎఱ్ఱన వెనుకకు మరలి, ఆ శేషమును పూరించి, దానిని రాజరాజనరేంద్రుని పేరనే సమర్పించెను. గ్రంథక్రమమున రెండవవాడు కాలక్రమమున మూడవవాడగుట యిట్లు. ఆ శేషము నన్నయ ఫణితితో మొదలై క్రమముగా తిక్కన ఫణితిని సమీపించునని విమర్శకు లెన్నదగిన పరిశీలన చేసియున్నారు. ఎఱ్ఱననే వేమారెడ్డి కంకితమిచ్చిన హరివంశమునందును, తదనంతరము నృసింహపురాణమునందును చూచినచో, వర్ణనాసక్తియు కథైక్యమును హెచ్చి ప్రబంధమునకు దారి తీయుట గోచరించును. ప్రబంధపరమేశ్వరు డను బిరుదు అందువలన సార్థకము.

శ్రీనాథుని పేర నొక యుగమును నిలుపుటలో కొంత న్యాయ మున్నది. కొండవీటి పెదకోమటి వేమారెడ్డి యాస్థానమున విద్యాధికారియై, తరువాత రాజమహేంద్రవరపు రెడ్ల యాశ్రయమును పొంది, విజయనగరమున కనకాభిషేకమందిన యీ కవి యే యొక్క రాజ్యమునకును చెందినవాడు కాడు. శ్రీహర్షుని నైషధమును తెలిగించుటలో పురాణమును విడిచి విద్వత్కావ్యమును చేపట్టెను. కాశీఖండ భీమఖండములలో క్షేత్రమాహాత్మ్యమును పురాణముగానే నిలిపెను. అయితే ఆ యుగమునందే పోతన రాజాశ్రయవిముఖుడై భాగవతమును శ్రీరామున కంకితమిచ్చెను. శ్రీనాథయుగలక్షణములను చెప్పుచు శృంగారము, పాండిత్యము, ఆస్థానవైభవము అని వ్రాసి, వాని క్రిందనే పోతనను చేర్చువారు ఆ లక్షణములకు పోతన యెట్లు లోబడునో చెప్పలేరు. ఒకే కాలమున భిన్నమార్గము లుండునని యొప్పుకొనుటయే దీనికి పరిష్కారము.

స్వారోచిషకథ: పురాణమునుండి ప్రబంధమునకు

యుగలక్షణము జాబితాలచే తెలియదు. ఒకే కథ రెండు యుగములలో నేరూపము తాల్చెనో చూచిన తెలియును. ఇందుకు స్వారోచిష మనుసంభవమునకు మించిన నిదర్శనము తెలుగున దొరకుట కష్టము. తిక్కనకు శిష్యుడైన మారన మార్కండేయపురాణమును తెలిగించి, కాకతీయుల సేనాని గన్నయకు అంకితమిచ్చెను. అందు మన్వంతరముల వరుసలో రెండవ మనువుయొక్క పుట్టుకను చెప్పునప్పుడు బ్రాహ్మణుని వృత్తాంతము వచ్చును. సిద్ధు డిచ్చిన పాదలేపముతో నాతడు హిమవంతమున కేగుట, మంచుచే లేపము కరిగిపోవుట, వరూథిని యాతని కోరుట, ఆత డామెను నిరాకరించి యగ్నిదేవుని ప్రార్థించి యిల్లు చేరుట, ఆతని రూపము దాల్చిన గంధర్వుడు వరూథినిని వంచించుట, వారికి స్వరోచి జనించుట, ఆ స్వరోచికి మనువు పుట్టుట అనునవి యచ్చట కథాంశములు. పురాణమునకు కావలసినది మనువు పుట్టుక. తక్కినదంతయు ఆ వంశకథకు సోపానములు.

అల్లసాని పెద్దన కృష్ణదేవరాయల కోరికపై ఈ కథనే స్వీకరించి, ఆరాశ్వాసముల ప్రబంధముగా విస్తరించి రాయల కంకితమిచ్చెను. అంశములలో పెద్దన మార్చినది స్వల్పము; ప్రమాణమును మార్చినది మాత్రము విశేషము. పురాణమున సోపానమైన ప్రవరవరూథినుల ఘట్టము ప్రబంధమున గర్భగృహమైనది. గంధర్వవంచనతో కలిపి మొదటి మూడాశ్వాసములు దాదాపు దీనికే వినియోగమైనవి. ప్రవరుని గృహస్థాశ్రమము మొదటనే సవిస్తరముగా చిత్రింపబడుటచే, హిమగిరిపై నాతని నిరాకరణము ఆకస్మికముగా తోచదు. ఆ నిష్ఠ యింటనే మనకు పరిచితము. తీర్థములు చూడవలెనను కుతూహలమే యాతని నింటినుండి కదల్చినది, లేపము కరిగిన పిమ్మట ఆ కుతూహలమే యిక్కట్టుగా పరిణమించినది. వరూథిని వాదనలు, ప్రవరుని సమాధానములు ఉత్తరప్రత్యుత్తరముగా పెరిగి, కామ ధర్మముల సంఘర్షణము ఇద్దరి నోటను సమానబలముతో వినబడును. అనంతరము సంధ్యాచంద్రోదయవర్ణనలు వచ్చును. వేళ గడచుటతోపాటు వరూథినీవిరహము పెరుగును, ఆ విరహమే మాయాప్రవరుని రాక కవకాశము కల్పించును. కావున వర్ణన కథకు అంగము.

ప్రబంధమనగా అష్టాదశవర్ణనలు గల కావ్యమని వ్రాయు సమాధానము అసంపూర్ణమనుటకు కారణ మిచ్చట దొరకును. వర్ణనలు నన్నెచోడునియందును కలవు గదా! ఇతిహాసపురాణములలోని చిన్నకథ నొకదానిని గ్రహించి, దాని యంగములలో నొకదానికి ప్రాణమిచ్చి, శృంగారము నంగిరసముగా చేసి, వర్ణనలను ఆ రసమునకు లోబఱచుట 16వ శతాబ్ది ప్రబంధముయొక్క వ్యావర్తకలక్షణము. ఇట్లు వ్రాసిన విద్యార్థి ఆముక్తమాల్యదను, పారిజాతాపహరణమును, వసుచరిత్రమును అదే కొలతతో పరిశీలింపగలడు. కళాపూర్ణోదయము కల్పితకథ గావున ఈ కొలత కెచ్చట లొంగదో కూడ చెప్పగలడు.

రాయలయుగమను పేరునకు గల పరిమితియు నిక్కడనే స్పష్టము. రాయల పాలనము 1509 మొదలు 1529 వఱకు. అష్టదిగ్గజములుగా నెన్నబడు కవులలో పింగళి సూరన కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణమరాజునకును, రామరాజభూషణుడు వసుచరిత్రమును అరవీటి తిరుమలరాయలకును అంకితమిచ్చిరి. ఇవి రాయల యనంతరకాలపు కృతులు. ఎనమండుగురును భువనవిజయమున నొక్కమారు కొలువుండిరనుట జనశ్రుతికి చెల్లును గాని కృత్యాదులకు చెల్లదు.

దక్షిణాంధ్రయుగమును, క్షీణయుగమును

తంజావూరు, మధుర నాయకరాజుల కాలమున తెలుగు తన దేశమును దాటి పెంపొందినది. చేమకూర వేంకటకవి విజయవిలాసమును రఘునాథనాయకున కంకితమిచ్చెను; విజయరాఘవుని కాలమున రంగాజమ్మ మన్నారుదాసవిలాసమును రచించెను; యక్షగానము, పదము, మధురలో గద్యకావ్యము అను నూతనప్రక్రియ లాస్థానమున ప్రవేశించినవి. పూర్వవిమర్శకులలో కొందరు శృంగారము మితిమీరినదని దీనిని, తరువాతి శతాబ్దిని కలిపి క్షీణయుగముగా లెక్కించిరి. ప్రబంధమే పరమప్రమాణమని పట్టుకొన్నచో ఆ తీర్పు రాక తప్పదు. చమత్కారమునకై కథను బలియిచ్చిన కృతు లా కాలమున లేకపోలేదు గాన ఆ తీర్పు కేవలము నిరాధారమును కాదు. కాని గేయమును, దృశ్యమును, గద్యమును లెక్కలోనికి తెచ్చినచో అదే కాలము ప్రక్రియావైవిధ్యమున పూర్వయుగముల నన్నిటిని మించును. క్షీణయుగమను పేరును వ్రాయునప్పుడు అది ప్రబంధదృష్టితో చేయబడిన నిర్ణయమని తెలుపుట న్యాయము.

ఈ కాలముననే గోలకొండయందు కుతుబ్‌షాహీల యాశ్రయమున అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఇబ్రహీముషాకును, పొన్నిగంటి తెలగన అచ్చతెలుగు కావ్యమైన యయాతిచరిత్రమును అమీనుఖానునకును అంకితమిచ్చిరి. దక్షిణమునకు యుగనామము లభించి గోలకొండకు లభింపకపోవుట పట్టికలోని స్పష్టమైన లోపము.

తులనాత్మకదృష్టి

పై చర్చను పరీక్షార్థము కుదించినచో కవి మూలవస్తువును గ్రహించిన తీరు దాని కేకసూత్రమగును. నన్నయ తిక్కనలు మహాగ్రంథమును సంపూర్ణముగా తెలుగునకు తెచ్చుటయందు నిష్ఠ గలవారు. నన్నయయందు కథకుని స్వరము, తిక్కనయందు పాత్రల స్వరము ప్రధానము. శివకవులు మూలగ్రంథమునకు బదులు భక్తుని జీవితమును మూలముగా గ్రహించిరి. ఎఱ్ఱన శ్రీనాథులు అనువాదమున నుండియే కావ్యత్వమును పెంచిరి. పోతన యనువాదమున భక్తిని పెంచెను. ప్రబంధకవులు గ్రంథమును వదలి ఘట్టమును పట్టుకొనిరి. నాయకరాజుల కాలపు కవులు ఘట్టమును సైతము గానమునకును, రంగమునకును అనుగుణముగా మలచిరి. రాజుల పేరులు, శతాబ్దములు ఈ సూత్రమునకు పార్శ్వసూచికలుగా నుండవలెను. అట్లున్నచో సోమనాథుని కాలము ముందునకు జరిగినను వెనుకకు జరిగినను సమాధానము చెడదు.

తేలని విషయములు

నన్నెచోడ సోమనాథుల కాలము, పోతన జన్మస్థానము బమ్మెరయా ఒంటిమిట్టయా యను వివాదము తెలిసినవే. రెండవదానిలో లోకమతము బమ్మెరవైపు మొగ్గినను, ఒంటిమిట్ట పక్షము పూర్తిగా నణగలేదు. ఇవి కొత్త శాసనమో తాళపత్రమో దొరకినచో తీరదగినవి.

అట్లు తీరని ప్రశ్న తాళ్లపాక అన్నమాచార్యునిది. 1408 మొదలు 1503 వఱకు జీవించిన యీ వాగ్గేయకారుడు కాలమునుబట్టి శ్రీనాథ పోతనలకు సమీపుడు. ఆతని సంకీర్తనలు తిరుమలలో రాగిరేకులపై నిలిచియుండి 20వ శతాబ్దిలో గాని విద్వల్లోకమునకు విరివిగా తెలియలేదు. అప్పటికే పద్యకావ్యమును ప్రమాణముగా చేసికొని యుగముల చట్రము బిగిసినది. అన్నమాచార్యుని తరువాత పదకవితాశాఖయని వేఱొక శీర్షికక్రింద చేర్చిరి గాని, ఆతని రాకచే 15వ శతాబ్దికి శ్రీనాథుని పేరు చెల్లునా యని చర్చించినవారు తక్కువ. వేమన విషయమును నిట్టిదే: కాలము స్థిరముగా తేలని, ఆస్థానము లేని, కృతిభర్త లేని యీ కవిని రాజవంశముల కొలత పట్టుకొనజాలదు, ప్రక్రియల కొలత శతకమని మాత్రము చెప్పి యూరకుండును. క్షేత్రయ్య పదములు, అన్నమాచార్యుని సంకీర్తనలు, సోమనాథుని ద్విపదలు, వేమన యాటవెలదులు ఒక్క వరుసగా చదివి, పద్యకావ్యముల వరుసకు సమాంతరముగా నుంచి, రెండింటి సంధులును ఒకే కాలమున వచ్చుచున్నవా యని పరిశీలించు పని యింకను చేయవలసియున్నది.